గుడ్లగూబ కళ్ల కణం: హాడ్జ్‌కిన్ లింఫోమా స్లైడును ఎలా చదవాలి

క్యాన్సర్ గడ్డను కోసి మైక్రోస్కోపు కింద పెడితే మామూలుగా ఎక్కువగా కనిపించేవి క్యాన్సర్ కణాలే. క్లాసికల్ హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్‌లో ఈ లెక్క తలకిందులవుతుంది. ఉబ్బిన లింఫు గ్రంథిలో అసలు జబ్బు కణాలు చాలాసార్లు నూటికి ఒకటో రెండో ఉంటాయి, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. మిగతావన్నీ వాటి చుట్టూ చేరిన మామూలు కణాలు: చిన్న లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు, ఇయోసినోఫిల్స్, హిస్టియోసైట్లు. చేతికి తగిలే గడ్డలో ఎక్కువ భాగం ఈ జనమే. అందుకే అలవాటు లేని కన్ను ఈ స్లైడును చూసి ఇదేదో ఇన్ఫెక్షన్ వల్ల ఉబ్బిన గ్రంథి అనుకుంటుంది.

ఆ జనంలో దాగి ఉండే పెద్ద కణం పేరు రీడ్–స్టెర్న్‌బర్గ్ కణం. రెండు కేంద్రకాలు పక్కపక్కనే ఉండి, ఒక్కోదాని నడుమ ఎర్రటి గుండ్రటి చుక్క కనిపించడంతో దానికి గుడ్లగూబ కళ్ల కణం అని పేరొచ్చింది. ఈ జబ్బును 1832లో లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ హాడ్జ్‌కిన్ వర్ణించినప్పుడు కణాల ఊసే లేదు. ఆయన శవపరీక్షల్లో ఉబ్బిన గ్రంథులను, ప్లీహాన్ని కంటితో చూసి రాశాడు. కణాన్ని స్పష్టంగా వర్ణించింది 1898లో కార్ల్ స్టెర్న్‌బర్గ్, 1902లో జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేస్తున్న డొరొతీ రీడ్. స్టెర్న్‌బర్గ్ దీన్ని క్షయలో ఒక రకం అనుకున్నాడు. రీడ్ మాత్రం ఇది క్షయ కాదు, వేరే జబ్బు అని తేల్చి చెప్పింది. వందేళ్లు దాటినా మన దేశంలో ఈ స్లైడు ముందు కూర్చున్నవాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే: ఇది టీబీనా, హాడ్జ్‌కినా?

కణాన్ని దగ్గర నుంచి చూస్తే

హిమటాక్సిలిన్–ఇయోసిన్ రంగు వేసిన స్లైడులో కేంద్రకాలు నీలం–ఊదా రంగులోనూ కణద్రవ్యం గులాబీ రంగులోనూ కనిపిస్తాయి. ఈ రంగులో నిఖార్సైన రీడ్–స్టెర్న్‌బర్గ్ కణాన్ని గుర్తుపట్టాలంటే ముందు కొలత కావాలి. కొలబద్ద స్లైడు మీదే ఉంటుంది. చిన్న లింఫోసైటు కేంద్రకం సుమారు 7 మైక్రాన్లు. ఎర్ర రక్తకణం కూడా దాదాపు అంతే. రీడ్–స్టెర్న్‌బర్గ్ కణం అడ్డంగా 20 నుంచి 50 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంటే దాని వెడల్పులో కనీసం మూడు, ఒక్కోసారి ఆరేడు లింఫోసైట్లను వరుసగా పేర్చవచ్చు.

తర్వాత కేంద్రకం. రెండు విడి కేంద్రకాలు ఉండవచ్చు, లేదా ఒకే కేంద్రకం నడుమ నొక్కుకుపోయి రెండు తమ్మెలుగా ఉండవచ్చు. రెండూ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఎదురెదురుగా ఉంటే అది పుస్తకాల్లో అచ్చువేసే బొమ్మ. కేంద్రకం చుట్టూ పొర మందంగా, పెన్సిలుతో గీసినట్టు ఉంటుంది. లోపల క్రోమటిన్ పలచబడి, కేంద్రకం ఖాళీగా, తెల్లగా కనిపిస్తుంది.

అసలు గుర్తు కేంద్రకాంశం. కేంద్రకం లోపల రైబోజోములు తయారయ్యే చిన్న గుండ్రటి భాగమిది. మామూలు కణాల్లో అది ఒక చుక్క, చాలాసార్లు కనిపించనే కనిపించదు. ఇక్కడ మాత్రం అది దాదాపు పక్కనున్న ఎర్ర రక్తకణమంత పెరుగుతుంది. రంగు కూడా ముఖ్యమే. ఇయోసిన్ పట్టి ఎర్రగా, కొద్దిగా ఊదా కలిసిన ఎరుపుగా ఉంటుంది. అంచు నున్నగా ఉండి, దాని చుట్టూ క్రోమటిన్ లేని తెల్లటి వలయం కనిపిస్తుంది. ఆ వలయం వల్లే చూసేవాడిని కన్ను తిరిగి చూస్తున్నట్టు అనిపిస్తుంది. పాతకాలం నుంచి పెథాలజీలో ఉన్న కట్టుబాటు ఏమిటంటే, కనీసం రెండు తమ్మెల్లో గానీ రెండు కేంద్రకాల్లో గానీ ఇలాంటి పెద్ద కేంద్రకాంశం ఒక్కోటి ఉంటేనే దాన్ని రోగనిర్ధారణకు పనికొచ్చే రీడ్–స్టెర్న్‌బర్గ్ కణమని అంటారు. రెండు కేంద్రకాలుండి లోపల చిన్న చుక్కలే ఉంటే అది లెక్కలోకి రాదు.

ఇక్కడ ఒక మోసం ఉంది. రెండు పెద్ద కణాలు పక్కపక్కనే ఒత్తుకుని ఉంటే ఒకే కణంలో రెండు కేంద్రకాలు ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. అప్పుడు మైక్రోస్కోపు సన్న స్క్రూను నెమ్మదిగా ముందుకీ వెనక్కీ తిప్పి చూడాలి. రెండు కేంద్రకాల మధ్య కణద్రవ్యం తెగకుండా సాగిపోతే ఒకే కణం. మధ్యలో సన్నని గీత తేలి, ఒక కేంద్రకం ఒక మట్టంలో, రెండోది మరో మట్టంలో స్పష్టపడితే అవి రెండు కణాలు.

ఒంటి కన్ను కణాలు ఎందుకు ఎక్కువ

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. పుస్తకంలో రెండు కళ్లుంటాయి, స్లైడులో మాత్రం ఎక్కువగా ఒంటి కన్ను కణాలే ఎదురవుతాయి. ఒకే కేంద్రకం, ఒకే పెద్ద ఎర్రటి కేంద్రకాంశం ఉన్న ఈ కణాలను హాడ్జ్‌కిన్ కణాలంటారు. ఇవి ఎక్కువగా కనిపించడానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది కోతకు సంబంధించిన లెక్క. మైనంలో పొదిగిన కణజాలాన్ని మైక్రోటోముతో 3 నుంచి 4 మైక్రాన్ల మందాన కోస్తారు. కణమేమో 40 మైక్రాన్లు. అంటే ఒక కోతలోకి వచ్చేది ఆ కణంలో పదో వంతే. రెండు పచ్చసొనలున్న ఉడికిన గుడ్డును సన్నటి చక్రాలుగా తరిగితే చాలా చక్రాల్లో ఒకే పచ్చసొన కనిపిస్తుంది, కొన్నింటిలో తెల్లసొన తప్ప ఏమీ ఉండదు, రెండూ కలిసి కనిపించేది కోత సరైన దిశలో పడినప్పుడే. స్లైడు మీద కనిపించే ఒంటి కన్ను కణాల్లో కొన్ని నిజానికి రెండు కేంద్రకాల కణాలే, కోత వాటి ఒక పక్కనుంచే వెళ్లింది. అందుకే దిమ్మెను ఇంకాస్త లోతుకు కోసి మరికొన్ని స్లైడులు తీయమని పెథాలజిస్టు అడుగుతాడు.

రెండోది జీవశాస్త్రపు కారణం. విభజన చెందుతూ జబ్బును నడిపించేవి ఒంటి కేంద్రకం ఉన్న హాడ్జ్‌కిన్ కణాలే. ఒక హాడ్జ్‌కిన్ కణం రెండుగా చీలుతుంది. కానీ చివరి అంకంలో, పిల్లకణాలు పూర్తిగా తెగి విడిపోవాల్సిన చోట, వాటి మధ్య సన్నటి వంతెన మిగిలిపోతుంది. కాసేపటికి రెండూ మళ్లీ కలిసి ఒకే కణమవుతాయి. ప్రయోగశాలలో పెంచిన కణాలను రోజుల తరబడి వీడియో తీసి జర్మనీ పరిశోధకులు 2013లో ఈ సంగతి చూపించారు. అంతకుముందు, వేర్వేరు కణాలు ఒకదాన్నొకటి ఢీకొని కలిసిపోతాయేమోనన్న అనుమానం ఉండేది. ఇలా పుట్టిన రెండు కేంద్రకాల కణం ఆ తర్వాత పెద్దగా విభజన చెందదు. దారి చివరికి చేరిన కణమది. కాబట్టి స్లైడులో అది అరుదుగా దొరకడంలో ఆశ్చర్యం లేదు.

చచ్చిపోతున్నవి కూడా ఉంటాయి. కణద్రవ్యం ముదురు ఎరుపుకు తిరిగి, కేంద్రకం ముడుచుకుని, నల్లటి మరకలా మారిన వీటిని మమ్మీ కణాలంటారు. వీటితో రోగనిర్ధారణ చేయలేం. కానీ ఒక స్లైడులో ఇవి అక్కడక్కడా కనిపిస్తుంటే ఇంకాస్త ఓపికగా వెతకాలని అర్థం. నా అనుభవంలో ఇవి మంచి హెచ్చరిక, వీటిని చూసీ చూడనట్టు దాటేయకూడదు.

నాడ్యులర్ స్క్లెరోసిస్ అనే రకంలో పెద్ద కణాలు మరో వేషం వేసుకుంటాయి. కణజాలం చెడకుండా నిలిపే ఫార్మలిన్‌లో కణద్రవ్యం ముడుచుకుపోయి, కణం చుట్టూ తెల్లటి ఖాళీ ఏర్పడుతుంది. కణం ఒక గుంటలో కూర్చున్నట్టుంటుంది. వీటిని లాక్యునర్ కణాలంటారు. ఆ ఖాళీ ఫార్మలిన్ పనే తప్ప కణానికి ఉన్న గుణం కాదు. వీటిలో కేంద్రకాంశం చిన్నదిగా ఉంటుంది కాబట్టి గుడ్లగూబ కళ్ల కోసమే చూస్తూ కూర్చుంటే ఈ రకం చేజారుతుంది.

ముందు ఊరు, తర్వాత మనిషి

స్లైడు పెట్టగానే 40 లెన్సు వేసి పెద్ద కణం కోసం వేట మొదలుపెట్టడం నాకు అస్సలు నచ్చని పద్ధతి. గ్రంథి మొత్తాన్ని 4 లెన్సుతో ఒకసారి చుట్టి రావాలి. మామూలు లింఫు గ్రంథిలో అంచు వెంబడి ఫాలికిల్స్, వాటి లోపల పారాకార్టెక్స్, నడుమ సైనసులు ఒక క్రమంలో ఉంటాయి. ఆ క్రమం ఎక్కడ చెరిగిపోయింది? మొత్తమా, ఫాలికిల్స్ మధ్య జాగాలోనేనా? పైతొడుగు మందమెక్కిందా? అక్కడినుంచి నారపట్టీలు లోపలికి దిగి గ్రంథిని ముద్దలుగా విడగొట్టాయా? అలా అయితే నాడ్యులర్ స్క్లెరోసిస్ వైపు ఆలోచన పోవాలి.

10 లెన్సులో చూడాల్సింది చుట్టూ ఉన్న జనం. హాడ్జ్‌కిన్ పట్టిన చోటు ఒకే రంగులో ఉండదు, మచ్చలు మచ్చలుగా ఉంటుంది. లింఫోసైట్ల నీలం, హిస్టియోసైట్ల లేత గులాబీ, ఇయోసినోఫిల్స్ మెరిసే ఎరుపు అన్నీ కలగలిసి ఉంటాయి. జబ్బు కణాలు తమ చుట్టూ రసాయన సంకేతాలు వదిలి వీటిని పిలిపించుకుంటాయి. ఉదాహరణకు టార్క్ అనే రసాయనం టీ లింఫోసైట్లను, ఇంటర్‌ల్యూకిన్–5 లాంటివి ఇయోసినోఫిల్స్‌ను రప్పిస్తాయి. లింఫు గ్రంథిలో కారణం తెలియకుండా ఇయోసినోఫిల్స్ గుంపులుగా కనిపిస్తే, ఆ గుంపు చుట్టుపక్కల ఆగి వెతకాలి. నేనైతే 40 లెన్సు వేసేది సరిగ్గా అక్కడే.

ఈ జనం లేకుండా గుడ్లగూబ కళ్ల కణం ఒక్కటే కనిపిస్తే దాన్ని నమ్మకూడదు. ఎందుకంటే అదే ముఖం వేరే జబ్బుల్లోనూ కనిపిస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన పోలిక ఇన్ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్. ఎప్‌స్టీన్–బార్ వైరస్ సోకి టీనేజీ పిల్లల మెడలో గ్రంథులు, టాన్సిల్స్ ఉబ్బుతాయి. వాటిలో ఇమ్యునోబ్లాస్టులనే పెద్ద కణాలు విపరీతంగా పెరుగుతాయి, కొన్ని రెండు కేంద్రకాలతో అచ్చం రీడ్–స్టెర్న్‌బర్గ్ కణంలానే ఉంటాయి. తేడా పట్టేది ఎలా? అక్కడ చిన్న, మధ్యస్థ, పెద్ద కణాలు ఒక మెట్లవరుసలా అన్ని సైజుల్లోనూ ఉంటాయి. హాడ్జ్‌కిన్‌లో ఆ మధ్య మెట్లు ఉండవు. చిన్న లింఫోసైట్ల నడుమ ఒక్కసారిగా రాక్షస కణం. మోనోన్యూక్లియోసిస్‌లో కేంద్రకాంశం ఎక్కువగా నీలి ఛాయలో ఉంటుంది, గ్రంథి నిర్మాణం వంకరపోయినా పూర్తిగా చెరిగిపోదు. పేషెంటు పదిహేనేళ్ల కుర్రాడు, గడ్డ టాన్సిల్‌లో అని రిక్వెస్ట్ ఫారంలో ఉంటే హాడ్జ్‌కిన్ అనే ముందు రెండుసార్లు ఆగాలి. టాన్సిల్‌లో హాడ్జ్‌కిన్ మొదలవడం అరుదు.

గుడ్లగూబ కన్ను అనే పేరు సైటోమెగలోవైరస్ సోకిన కణానికీ ఉంది. అక్కడ సాధారణంగా ఒకటే కేంద్రకం. లోపల కనిపించే పెద్ద ముద్ద వైరస్ కణాల కుప్ప, కేంద్రకాంశం కాదు. కేంద్రకంలో చాలా భాగాన్ని అది ఆక్రమిస్తుంది, రంగు ముదురు ఊదా. కణద్రవ్యంలోనూ చిన్న రేణువులు కనిపించవచ్చు. ఒక చిక్కు కూడా ఉంది. హాడ్జ్‌కిన్‌కు వాడే గుర్తుల్లో ఒకటైన సీడీ15 ఈ వైరస్ సోకిన కణాలకూ అంటుకోవచ్చు. ఆ ఒక్క స్టెయిన్‌నే నమ్ముకుంటే తప్పు దారి పడతాం.

ఇతర లింఫోమాల్లోనూ, మెలనోమాలోనూ, ముక్కు వెనక గొంతు నుంచి మెడ గ్రంథికి పాకిన క్యాన్సర్‌లోనూ ఇలాంటి కణాలు తారసపడతాయి. వాటన్నిటినీ హిమటాక్సిలిన్ స్లైడు మీదే విడదీయడం సాధ్యం కాదు. ఇక్కడినుంచి, కణం మీదా లోపలా ఉండే ఒక్కో గుర్తును యాంటీబాడీతో పట్టి రంగులో చూపించే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ కావాలి.

ఒక గ్రంథి, మొదటినుంచి చివరిదాకా

ఇలాంటి ఒక కేసు ఎలా నడుస్తుందో చూద్దాం. మన ప్రాంతంలో తరచుగా ఎదురయ్యే లక్షణాలు కలిపి చెబుతున్నాను. ముప్పయ్యేళ్ల యువకుడు. మెడకు ఎడమ పక్క నొప్పిలేని గడ్డ, మూడు నెలలుగా పెరుగుతోంది. సాయంత్రం పూట జ్వరం, రాత్రిళ్లు చెమటలు, బరువు తగ్గాడు. ఈ మాటలు వినగానే ఎవరికైనా తట్టేది టీబీయే.

మొదట సన్న సూదితో పరీక్ష చేస్తారు, దాన్నే ఎఫ్ఎన్ఏసీ అంటాం. ఇతని స్మియర్‌లో లింఫోసైట్లు, ఎపిథెలియాయిడ్ హిస్టియోసైట్ల చిన్న గుంపులు కనిపించాయి. హిస్టియోసైట్లు గుమిగూడి కట్టే చిన్న ముద్దను గ్రాన్యులోమా అంటారు, ఇవి దాని ముక్కలు. నెక్రోసిస్ లేదు, అంటే కణజాలం చచ్చిపోయిన జాగా కనబడలేదు. జీల్–నీల్సన్ స్టెయిన్‌లో క్షయ క్రిములు లేవు. ఇక్కడే దారి చీలుతుంది. గ్రాన్యులోమా ఉంది కాబట్టి టీబీ అని మందులు మొదలుపెడితే ఆర్నెల్లు పోతాయి. గ్రాన్యులోమాలు హాడ్జ్‌కిన్‌లోనూ వస్తాయని, నెక్రోసిస్ లేని గ్రాన్యులోమా పక్కన ఇయోసినోఫిల్స్ ఉంటే ఆ అనుమానం పెరగాలని గుర్తుంటే, స్మియర్‌ను మళ్లీ చూస్తారు. నిజానికి రెండు కేంద్రకాల కణాన్ని పట్టడానికి ఎఫ్ఎన్ఏసీ మంచి చోటే. అక్కడ కణాన్ని కోయరు, మొత్తం కణం గాజు మీద పరుచుకుంటుంది, రెండు కేంద్రకాలూ ఒకేసారి కనిపిస్తాయి. ఒక జాగ్రత్త ఉంది. గీమ్సా స్టెయిన్‌లో కేంద్రకాంశం ఎర్రగా కాక నీలంగా కనిపిస్తుంది. ఎర్రటి చుక్క కోసమే చూసే కన్ను దాన్ని దాటేస్తుంది. అలాగని ఎఫ్ఎన్ఏసీ మీదే రోగనిర్ధారణ ముగించకూడదు. గ్రంథి నిర్మాణం అందులో కనబడదు, ఇమ్యునో పరీక్షలకు కణజాలం చాలదు. గ్రంథిని మొత్తంగా తీయించాలి.

సర్జన్ రెండున్నర సెంటీమీటర్ల గ్రంథిని ముక్కలు కాకుండా తీసి పంపాడు. ల్యాబ్‌లో జరిగే మొదటి పావుగంట పని మీద మిగతాదంతా ఆధారపడుతుంది. ఫార్మలిన్‌లో వేయకముందే చిన్న ముక్కను సెలైన్‌లో వేరుగా పెట్టి క్షయ క్రిములను పెంచి చూసే కల్చర్‌కు, వాటి డీఎన్ఏను వెతికే సీబీనాట్‌కు పంపాలి. ఫార్మలిన్‌లో మునిగిన ముక్కతో కల్చర్ జరగదు. తర్వాత గ్రంథిని కోసి, కోసిన ముఖాన్ని గాజు స్లైడుకు తాకించి రెండు ముద్రలు తీసుకుంటారు. మిగతా దాన్ని మూడు మిల్లీమీటర్ల పలకలుగా తరిగి, 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో దాదాపు ఒక రోజు ఉంచుతారు. గ్రంథిని కోయకుండా అలాగే డబ్బాలో పడేస్తే పైతొడుగును దాటి ఫార్మలిన్ లోపలికి అందదు, నడుమ భాగం కుళ్లుతుంది. అప్పుడు కేంద్రకాలు మసకబారి, కేంద్రకాంశం అంచులు చెదిరిపోతాయి. కళ్లు కనిపించకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. కణం లేక కాదు.

స్లైడు వచ్చింది. 4 లెన్సులో నిర్మాణం చాలావరకు చెరిగిపోయింది, ఒక అంచున రెండు మూడు ఫాలికిల్స్ మిగిలున్నాయి. నారపట్టీలు లేవు. 10 లెన్సులో అక్కడక్కడా నెక్రోసిస్ లేని చిన్న గ్రాన్యులోమాలు, వాటి మధ్య ఇయోసినోఫిల్స్, ప్లాస్మా కణాలు. 40 లెన్సులో పెద్ద ఎర్రటి కేంద్రకాంశం ఉన్న ఒంటి కేంద్రక కణాలు కొన్ని, రెండు మమ్మీ కణాలు. గుడ్లగూబ కళ్ల కణం మాత్రం లేదు. దిమ్మెను లోతుకు కోయించి మరో మూడు స్లైడులు తీస్తే, రెండో దానిలో ఇయోసినోఫిల్స్ గుంపు పక్కన నిఖార్సైన కణం ఒకటి దొరికింది. రెండు తమ్మెలు, రెండింటిలోనూ కేంద్రకాంశం, చుట్టూ తెల్లటి వలయం. దాని చుట్టూ చిన్న టీ లింఫోసైట్లు దండలా అంటుకుని ఉన్నాయి. ఆ దండ కూడా ఈ జబ్బులో తరచుగా కనిపించేదే.

తర్వాత ఇమ్యునో స్టెయిన్లు. సీడీ30 పెద్ద కణాల పొరమీద గోధుమరంగు వలయంలా పడింది, కేంద్రకం పక్కన గాల్జీ ఉండే చోట ఒక చుక్కగానూ పడింది. పొరా చుక్కా రెండూ కనిపించడం మంచి ఫలితం. అయితే సీడీ30 ఒక్కటే సరిపోదు, మోనోన్యూక్లియోసిస్‌లోని ఇమ్యునోబ్లాస్టులూ దాన్ని చూపిస్తాయి. సీడీ15 కూడా అదే తీరులో పడింది. క్లాసికల్ హాడ్జ్‌కిన్ కేసుల్లో సుమారు నాలుగింట మూడు వంతుల్లో ఇది పాజిటివ్, కాబట్టి నెగెటివ్ వచ్చినా జబ్బు కాదనలేం. సీడీ15 స్టెయిన్ సరిగ్గా పనిచేసిందో లేదో అదే స్లైడులోని న్యూట్రోఫిల్స్ చెబుతాయి. అవి రంగు పట్టకపోతే స్టెయిన్‌నే మళ్లీ వేయించాలి.

నాకు అన్నిటికన్నా నమ్మకమైన స్టెయిన్ పాక్స్5. ఇది బీ లింఫోసైట్ల కేంద్రకంలో ఉండే ప్రోటీన్. పక్కనున్న మామూలు చిన్న బీ కణాల్లో ముదురుగా పడుతుంది. రీడ్–స్టెర్న్‌బర్గ్ కణంలో పడుతుంది కానీ వెలిసిపోయినట్టు పలచగా. రెండింటినీ ఒకే ఫీల్డులో పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ పలచదనం వెనక ఈ కణం కథంతా ఉంది. అది పుట్టింది జెర్మినల్ సెంటర్‌లోని బీ కణం నుంచి. ఈ సంగతి 1994 నుంచి ఒక్కో కణాన్ని విడిగా తీసి దాని ఇమ్యునోగ్లోబ్యులిన్ జన్యువులను చదివిన పరిశోధనల్లో తేలింది. కానీ అది తన బీ కణపు గుర్తింపును చాలావరకు పోగొట్టుకుంది. అందుకే సీడీ20 కూడా ఎక్కువ కేసుల్లో పడదు, పడినా కొన్ని కణాల్లో ఎక్కువ, కొన్నిట్లో తక్కువగా పడుతుంది. పెద్ద కణాలన్నీ సీడీ20, పాక్స్5 రెండింటినీ గట్టిగా చూపిస్తే అది వేరే బీ సెల్ లింఫోమా అయ్యే అవకాశాన్ని తప్పకుండా పరిశీలించాలి. పాక్స్5 అసలు పడకుండా సీడీ30 మాత్రం గట్టిగా పడితే అనాప్లాస్టిక్ లార్జ్ సెల్ లింఫోమా వైపు చూసి, ఆల్క్ స్టెయిన్ వేయించాలి.

సీడీ45 చదవడంలో చాలామంది పొరబడతారు. రీడ్–స్టెర్న్‌బర్గ్ కణంలో ఇది నెగెటివ్. కానీ చుట్టూ దండలా ఉన్న లింఫోసైట్లన్నీ దాన్ని గట్టిగా చూపిస్తాయి కాబట్టి పెద్ద కణం అంచు కూడా గోధుమరంగులో ఉన్నట్టు కనిపిస్తుంది. లింఫోసైటు తాకని వైపు, లేదా రెండు పెద్ద కణాలు ఒకదానికొకటి ఆనుకున్న చోట పొరను చూస్తేనే అసలు జవాబు తెలుస్తుంది.

చివరగా ఈబర్ పరీక్ష. ఎప్‌స్టీన్–బార్ వైరస్ ఆర్ఎన్ఏను కేంద్రకంలో పట్టి చూపించేది ఇది. ఇతని గ్రంథిలో పెద్ద కణాల్లోనే పడింది, చిన్నవాటిలో దాదాపు లేదు. మోనోన్యూక్లియోసిస్‌లో అయితే చిన్నా పెద్దా అన్ని సైజుల కణాల్లోనూ పడేది. మన దేశంలో హాడ్జ్‌కిన్ కేసుల్లో, ముఖ్యంగా పిల్లల్లోనూ, నారపట్టీలు లేకుండా రకరకాల కణాలు కలగలిసి ఉండే మిక్స్‌డ్ సెల్యులారిటీ రకంలోనూ, ఈ వైరస్ జాడ పాశ్చాత్య దేశాల్లో కన్నా ఎక్కువగా దొరుకుతుంది. వైరస్ దొరికినంత మాత్రాన హాడ్జ్‌కిన్ అని కాదు, దొరకకపోతే కాదని కూడా కాదు.

రిపోర్టులో క్లాసికల్ హాడ్జ్‌కిన్ లింఫోమా, మిక్స్‌డ్ సెల్యులారిటీ అని రాశారు. నెక్రోసిస్ లేని గ్రాన్యులోమాలున్నాయని, జీల్–నీల్సన్‌లో క్రిములు లేవని, సీబీనాట్ నెగెటివ్ అని, కల్చర్ ఫలితం రావాల్సి ఉందని కూడా వేరుగా రాశారు. ఆ రెండో వాక్యం అదనపు సమాచారం కాదు. ఒకే మనిషికి టీబీ, హాడ్జ్‌కిన్ రెండూ కలిసి ఉండే అవకాశం మన దగ్గర నిజంగా ఉంది. కీమోథెరపీ మొదలుపెట్టే ముందు ఆ సంగతి ఆంకాలజిస్టుకు తెలియాలి.

ఇదే యువకుడికి తర్వాత జబ్బు ఎంతవరకు పాకిందో చూడటానికి బోన్ మ్యారో తీస్తే అక్కడ లెక్క మారుతుంది. చిన్న ముక్కలో గుడ్లగూబ కళ్ల కణం దొరకాలన్న పట్టుదల అక్కర్లేదు. గ్రంథిలో రోగనిర్ధారణ అయిపోయింది కాబట్టి, మ్యారోలో నారలు అల్లుకున్న చోట హాడ్జ్‌కిన్‌కు తగిన కలగలుపు జనం నడుమ సీడీ30 చూపించే ఒంటి కేంద్రక హాడ్జ్‌కిన్ కణాలు కనిపించినా జబ్బు అక్కడిదాకా వచ్చిందని చెప్పవచ్చు. మ్యారోలోనే సహజంగా ఉండే మెగాకేరియోసైట్లను వాటిగా పొరబడకుండా చూసుకోవాలి. వాటి కేంద్రకం చాలా తమ్మెలుగా ముడుచుకుని ముదురుగా ఉంటుంది, నడుమ ఎర్రటి పెద్ద కేంద్రకాంశం ఉండదు, సీడీ61 పడుతుంది, సీడీ30 పడదు.